కొత్త అండర్-16 టీమ్‌లో మొదటి నెల: ఎవరు ఎవరికి పాస్ ఇస్తున్నారో చూడండి

ట్రయల్స్ అయిపోయి లిస్ట్ వచ్చేసి, 22 మంది పిల్లలు మొదటిసారి ఒకే గ్రౌండ్‌లో నిలబడ్డప్పుడు చాలామంది కోచ్‌లు మొదట చేసే పని వాళ్లని కలిపేయాలని చూడడం. అందరూ కలిసి భోజనం, ఒక చిన్న ట్రిప్, కళ్లకు గంతలు కట్టి ఒకళ్ల మీద ఒకళ్లు వెనక్కి పడే ఆట, గుండ్రంగా కూర్చుని "నీ గురించి ఎవరికీ తెలియనిది ఒకటి చెప్పు" అనడం. ఇవన్నీ మంచి మనసుతోనే చేస్తారు, పిల్లలు నవ్వుతారు కూడా, ఫోటోలు బాగా వస్తాయి. కానీ తర్వాతి రోజు చిన్న మ్యాచ్ పెట్టి చూస్తే పాత క్లబ్ వాళ్లు పాత క్లబ్ వాళ్లకే బాల్ ఇచ్చుకుంటూ ఉంటారు, ఒంటరిగా వచ్చిన పిల్లాడు లైన్ పక్కన చెయ్యి ఎత్తి నిలబడే ఉంటాడు. అంటే నిన్నటి నవ్వులు ఆటలోకి రాలేదన్నమాట.

ఎందుకు రాలేదో అర్థం చేసుకుంటే మొదటి నెల ఎలా నడపాలో చాలావరకు తేలిపోతుంది. ఫుట్‌బాల్ ఉదాహరణగా చెప్తాను, ఎందుకంటే అందులో నమ్మకం కంటికి కనిపిస్తుంది, ప్రతి పాస్ ఒక చిన్న నిర్ణయం కదా.

రెండు రకాల దగ్గరితనం

క్రీడల్లో టీమ్‌ల ఐక్యత గురించి కెనడా పరిశోధకుడు ఆల్బర్ట్ క్యారన్, ఆయనతో పనిచేసినవాళ్లు 1980ల నుంచి చెప్తూ వచ్చిన ముఖ్యమైన విషయం ఏంటంటే, ఐక్యత అనేది ఒకటి కాదు, రెండు. ఒకటి పని దగ్గర కలిసి ఉండడం, అంటే మనం ఏం సాధించాలి, అందులో నా పని ఏంటి, నీ పని ఏంటి అన్న దాంట్లో అందరూ ఒకే మాట మీద ఉండడం. రెండోది మనుషులుగా కలవడం, ప్రాక్టీస్ అయ్యాక కూడా కలిసి తిరగాలనిపించడం. 13 నుంచి 17 ఏళ్ల పిల్లల కోసం 2009లో ప్రత్యేకంగా తయారుచేసిన ప్రశ్నావళిలో కూడా ఈ రెండిటినీ విడివిడిగానే కొలుస్తారు, ఎందుకంటే ఒకటి ఎక్కువగా ఉండి రెండోది తక్కువగా ఉన్న టీమ్‌లు ఉంటాయి. బయట ప్రాణస్నేహితులుగా ఉంటూ గ్రౌండ్‌లో ఎవరి గోల వాళ్లదిగా ఆడే టీమ్ ఉంటుంది, బయట పెద్దగా మాట్లాడుకోకపోయినా గ్రౌండ్‌లో ఒకడు తప్పితే ఇంకొకడు కవర్ చేసే టీమ్ కూడా ఉంటుంది.

భోజనాలు, ట్రిప్పులు రెండోదాన్ని పెంచుతాయి. మొదటి నెలలో మనకి కావాల్సింది మాత్రం మొదటిది. అది ముందు వస్తే స్నేహం దాని వెనకాల వస్తుంది, కానీ స్నేహం ముందొచ్చినంత మాత్రాన ఆటలో నమ్మకం వస్తుందన్న గ్యారంటీ లేదు. అందుకే నా అభిప్రాయం ఏంటంటే మొదటి నెలలో "వీళ్లు ఫ్రెండ్స్ అయ్యారా" అన్న ప్రశ్న పక్కన పెట్టేసి, "నేను ఫ్రీగా ఉంటే బాల్ వస్తుందా, నేను తప్పు చేస్తే వెనక ఎవరైనా ఉంటారా" అన్న రెండు ప్రశ్నలకి ప్రతి పిల్లాడూ మనసులో ఏం జవాబు చెప్పుకుంటున్నాడో అదొక్కటే చూడాలి.

ఊరికే కలిపి కూర్చోబెడితే సరిపోదు అన్నది కొత్త మాట కాదు. 1954లో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలోని ఓక్లహోమాలో ఒక క్యాంపులో 22 మంది అబ్బాయిలని, దాదాపు పదకొండేళ్ల వాళ్లని, రెండు గుంపులుగా చేసి పోటీలు పెట్టాడు. తొందర్లోనే గుంపుల మధ్య గట్టి శత్రుత్వం వచ్చేసింది. తర్వాత వాళ్లని కలపడానికి ముందు కలిసి తినడం, కలిసి సినిమా చూడడం లాంటివి చేశారు, అవేమీ పనిచేయలేదు, భోజనాల దగ్గర ఒకళ్ల మీద ఒకళ్లు తిండి విసురుకున్నారు. పని చేసింది ఏంటంటే ఒక్క గుంపు వల్ల కాని పనులు, క్యాంపుకి నీళ్లు ఆగిపోతే ఎక్కడ ఆగాయో అందరూ కలిసి వెతకడం, స్టార్ట్ అవ్వని లారీని రెండు గుంపులూ తాడేసి లాగడం లాంటివి. పిల్లలకి తెలియకుండా అలా ప్రయోగం చేయడం ఈ రోజుల్లో ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా, కానీ అందులో మనకి పనికొచ్చే ముక్క గట్టిది: పక్కపక్కన ఉండడం వల్ల గుంపులు కరగవు, ఒకళ్లు లేకపోతే ఇంకొకళ్ల పని అవ్వని పరిస్థితి వస్తే కరుగుతాయి.

ఒక టీమ్‌ని తీసుకుందాం

లెక్క అర్థం అవ్వడానికి ఒక ఉదాహరణ అనుకుందాం. అబ్బాయిల అండర్-16 టీమ్, 22 మంది. అందులో తొమ్మిది మంది ఒకే క్లబ్‌లో మూడు నాలుగేళ్లు కలిసి ఆడి వచ్చినవాళ్లు, ఆరుగురు ఒకే స్కూల్ టీమ్ నుంచి వచ్చారు, మిగిలిన ఏడుగురు తలో చోటు నుంచి ఒక్కొక్కళ్లుగా వచ్చినవాళ్లు. ఇద్దరు గోల్‌కీపర్లు, ఒకడు క్లబ్ వాడు, ఇంకొకడు ఒంటరిగా వచ్చినవాడు. వారానికి మూడు ప్రాక్టీసులు, ఒక్కోటి గంటన్నర, నెలలో పన్నెండు వస్తాయి, చివరి రెండు వారాల్లో రెండు ప్రాక్టీస్ మ్యాచ్‌లు.

మొదటి రోజు చెప్పాల్సిన మాట ఒకటుంది, చాలా చోట్ల అది చెప్పరు. సెలెక్షన్ అయిపోయింది, ఈ 22 మందిలో ఎవరినీ ఈ నెలలో తీసేయం అని స్పష్టంగా చెప్పాలి, అది నిజమై ఉండాలి కూడా. ట్రయల్స్‌లో పక్కవాడు పోటీదారు, వాడు బాగా ఆడితే నా చోటు పోతుంది, అలాంటప్పుడు వాడికి మంచి పాస్ ఇవ్వాలని ఎవరికి ఉంటుంది? ఆ భయం ట్రయల్స్‌తో ఆగిపోదు, "ఇంకో ఇద్దర్ని తగ్గిస్తారంట" అన్న పుకారు ఒక్కటి చాలు నెలంతా పిల్లలు ఎవరికి వాళ్లు ఆడడానికి. ఒకవేళ నిజంగానే తగ్గించాల్సి ఉంటే ఆ పని ముందే పూర్తి చేసి, తర్వాతే టీమ్ కట్టడం మొదలుపెట్టాలి. రెండూ ఒకేసారి అవ్వవు.

రెండో ప్రాక్టీస్‌లో ఏడుగురు వర్సెస్ ఏడుగురు ఇరవై నిమిషాల ఆట పెట్టండి, పిల్లలకి అది మామూలు ఆటే. ఒక వైపు టీమ్‌లో నలుగురు క్లబ్ వాళ్లు, ముగ్గురు బయటివాళ్లు ఉండేలా చూసుకోండి. అసిస్టెంట్ చేతిలో ఒక కాగితం, ఎడమ పక్కన ఏడు పేర్లు, పైన అవే ఏడు పేర్లు, ఎవరి నుంచి ఎవరికి పాస్ వెళ్తే ఆ గడిలో ఒక గీత. అంతే, వేరే యాప్ ఏమీ అక్కర్లేదు.

ఇప్పుడు లెక్క ఎలా చదవాలో చూడండి. క్లబ్ పిల్లాడికి గ్రౌండ్‌లో ఆరుగురు తోటివాళ్లు, అందులో ముగ్గురు తన క్లబ్, ముగ్గురు బయటివాళ్లు. ఎవరు అన్నది పట్టించుకోకుండా ఇస్తే పాసుల్లో సగం సొంత క్లబ్‌కి, సగం బయటికి వెళ్లాలి. ఆ నలుగురూ కలిపి 40 పాసులు ఇచ్చారనుకుందాం, అందులో 31 వాళ్లలో వాళ్లకే వెళ్లాయి. ఇరవై ఉండాల్సిన చోట ముప్పై ఒకటి. ఇది పగ కాదు, కుళ్లు అంతకన్నా కాదు, ఒత్తిడిలో ఉన్నప్పుడు తల ఎత్తి చూసే టైమ్ ఉండదు కాబట్టి వాడు ఎక్కడ ఉంటాడో చూడకుండానే తెలిసినవాడికి కాలు దానంతట అదే ఇచ్చేస్తుంది, కొన్నేళ్ల అలవాటు అది. అందుకే ఈ కాగితం చూసి పిల్లల్ని తిట్టకూడదు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పక్కపక్క పొజిషన్లలో ఉన్నవాళ్ల మధ్య పాసులు సహజంగానే ఎక్కువ ఉంటాయి, కాబట్టి నలుగురు క్లబ్ వాళ్లనీ ఒకే వైపు నిలబెట్టి లెక్కేస్తే ఆ అంకె ఏమీ చెప్పదు, ముందు వాళ్లని గ్రౌండ్ అంతా చెదరగొట్టాలి. ఇంకొకటి, అంతకంటే ఎక్కువ చెప్పే లెక్క ఏంటంటే ఫ్రీగా ఉండి కూడా బాల్ రాని సందర్భాలు. చుట్టూ మూడు మీటర్లలో ఎదుటివాడు లేడు, మధ్యలో దారి ఖాళీగా ఉంది, బాల్ ఉన్నవాడు అటే తిరిగి ఉన్నాడు, అయినా ఇవ్వలేదు. కుడి అంచున ఆడే ఒంటరి పిల్లాడు ఇలా ఐదుసార్లు ఫ్రీగా ఉంటే ఒక్కసారే బాల్ వచ్చిందనుకోండి, పదిహేనో నిమిషానికి వాడు ఏం చేస్తాడో గమనించండి. చెయ్యెత్తడం మానేస్తాడు. ఇంకాసేపటికి ఎదుటి డిఫెండర్ వెనక్కి వెళ్లి నిలబడతాడు, పాస్ రావడానికి దారే లేని చోట. బయటినుంచి చూస్తే వాడు ఆడుతున్నట్టే ఉంటుంది, నిజానికి దాక్కున్నాడు. బాల్ అడిగి రాకపోతే కలిగే అవమానం కంటే అడగకపోవడమే నయం అనిపిస్తుంది ఆ వయసులో. కోచ్ మామూలుగా "నువ్వు మూవ్ అవ్వట్లేదు" అని వాడినే అరుస్తాడు, జబ్బు ఒకచోట మందు ఇంకోచోట అయిపోతుంది.

ఆ కాగితం మాత్రం పిల్లలకి ఎప్పుడూ చూపించొద్దు. చూపిస్తే రేపట్నుంచి ఆట కోసం కాకుండా అంకె కోసం పాసులు ఇస్తారు, తక్కువ గీతలున్న పిల్లాడు అందరి ముందూ తక్కువవాడైపోతాడు.

నలుగురి గుంపులు

గోల్‌కీపర్లు కాక మిగిలిన ఇరవై మందిని ఐదు గుంపులు చేయండి, నలుగురేసి. క్లబ్ వాళ్లు ఎనిమిది మంది, స్కూల్ వాళ్లు ఆరుగురు, ఒంటరిగా వచ్చినవాళ్లు ఆరుగురు. మూడు గుంపుల్లో ఇద్దరు క్లబ్, ఒక స్కూల్, ఒక ఒంటరి, నాలుగో గుంపులో ఒక క్లబ్, ఇద్దరు స్కూల్, ఒక ఒంటరి, ఐదో గుంపులో ఒక క్లబ్, ఒక స్కూల్, ఇద్దరు ఒంటరి. కోచే చేయాలి ఈ పని, "మీరే నలుగురేసి విడిపోండి" అంటే పాత గుంపులే మళ్లీ వస్తాయి, చివర్లో మిగిలిపోయినవాడు ఎవరో అందరికీ తెలుస్తుంది. జతలు వెతుక్కోండి అన్న మాట మొదటి నెలలో కోచ్ నోటి వెంట రాకూడదు.

ఈ గుంపులు రోజూ మార్చొద్దు, రెండు వారాలు అవే ఉండాలి. రోజూ కలిపేస్తే అందరితో అందరూ కలుస్తారనుకుంటాం గానీ, ఒక మనిషి ఆట అర్థం అవ్వాలంటే వాడితో వరసగా కొన్ని రోజులు ఆడాలి, వాడికి ఏ కాలు బలం, ఒత్తిడి వస్తే ఎటు తిరుగుతాడు, బాల్ పాదాలకి కావాలా ముందుకి కావాలా అన్నవి ఒక్క రోజులో తెలియవు. ఆటలో నమ్మకం అంటే చాలావరకు ఇదే, వాడు తర్వాత ఏం చేస్తాడో నాకు ముందే తెలియడం.

వార్మప్ ఈ గుంపులోనే, చిన్న ఆటలు ఈ గుంపులోనే, స్కోరు గుంపుకే, ఏ ఒక్కడికీ వేరే పాయింట్లు లేవు. కోన్లు, బిబ్స్, బాల్స్ తెచ్చి పెట్టడం, తీసి లెక్కపెట్టడం కూడా గుంపుల వంతు, రోజుకొక గుంపు. గోల్‌కీపర్లని ఒక్కో రోజు ఒక్కో గుంపుకి జతచేయండి, వాళ్లిద్దరూ ఎప్పుడూ మూల విడిగా ట్రైనింగ్ చేసుకుని వెళ్లిపోతుంటే డిఫెండర్లకి వాళ్ల గొంతు కూడా పరిచయం అవ్వదు, మ్యాచ్‌లో కీపర్ "నాది" అని అరిచినా వినిపించుకోరు.

మొదటి వారంలో ఒక చిన్న రూల్ చాలా పని చేస్తుంది: పాస్ ఇచ్చే ముందు తీసుకునేవాడి పేరు పిలవాలి, పిలవకుండా ఇచ్చిన పాస్ చెల్లదు. మొదటి రోజు ఆట నెమ్మదిస్తుంది, పిల్లలు విసుక్కుంటారు, మూడో ప్రాక్టీస్‌కి 22 పేర్లూ అందరికీ వచ్చేస్తాయి. పేరు తెలియని మనిషికి బాల్ ఇవ్వడానికి కాలు వెనకాడుతుంది, ఇది అతిశయోక్తి కాదు, చూస్తే తెలుస్తుంది. పేర్లు వచ్చాక ఆ రూల్ తీసేయండి.

రెండో వారంలో గుంపులో పని పంచండి. ఒక గుంపుకి త్రో-ఇన్ నుంచి ఎలా ఆడాలో, ఇంకో గుంపుకి కార్నర్ ఎలా డిఫెండ్ చేయాలో, మరో గుంపుకి కీపర్ నుంచి బాల్ ఎలా బయటికి తేవాలో, ఇలా ఐదు గుంపులకీ ఐదు పనులు కోచ్ పావుగంట నేర్పిస్తాడు, తర్వాత వాళ్లే మిగతా అందరికీ నేర్పాలి. అమెరికాలో ఇలియట్ అరాన్‌సన్ 1971లో ఆస్టిన్ స్కూళ్లలో పిల్లల మధ్య గొడవలు తగ్గించడానికి పాఠాన్ని ముక్కలు చేసి తలొకరికీ ఒక ముక్క ఇచ్చిన పద్ధతి లాంటిదే ఇది. అక్కడ పాఠం పూర్తవ్వాలంటే ప్రతి పిల్లాడి ముక్కా కావాలి, ఇక్కడ కార్నర్‌లో ఎక్కడ నిలబడాలో తెలియాలంటే ఆ మాట తక్కువ మాట్లాడే స్కూల్ పిల్లాడి నోటి నుంచే రావాలి. క్లబ్ పిల్లలు మొదటిసారి వాడి మాట పూర్తిగా వినేది అప్పుడే.

శరీరాల తేడా

అండర్-16లో పెద్దల టీమ్‌లో లేని చిక్కు ఒకటుంది. అబ్బాయిల్లో ఎత్తు అత్యంత వేగంగా పెరిగే దశ సగటున 14 ఏళ్ల దగ్గర వస్తుంది, అమ్మాయిల్లో 12 దగ్గర, కానీ అది సగటు మాత్రమే, ఒకడికి ఏడాదో ఏడాదిన్నరో ముందు రావచ్చు, ఇంకొకడికి అంతే వెనకబడచ్చు. అందుకే పదిహేనేళ్ల అబ్బాయిల టీమ్‌లో గడ్డం వస్తున్నవాడు, గొంతు ఇంకా మారనివాడు పక్కపక్కన నిలబడతారు. చిన్నగా ఉన్నవాడికి తోటివాళ్లు బాల్ ఇవ్వరు, తోస్తే పడిపోతాడు, బాల్ పోతుంది అని లెక్కేసుకుంటారు. వాడు ఏ క్లబ్ వాడైనా ఇది జరుగుతుంది, అందుకే పాసుల కాగితంలో క్లబ్ తేడాతో పాటు ఇది కూడా చూడాలి.

దీనికి ఉపన్యాసం కంటే రొండో అనే పాసుల ఆట బాగా పనిచేస్తుంది. పది మీటర్ల చదరంలో ఐదుగురు చుట్టూ, ఇద్దరు మధ్యలో, బయటి వాళ్లకి రెండే టచ్‌లు. అక్కడ బలానికి పని తక్కువ, ముందే చూసి ఉండడం, మొదటి టచ్ శుభ్రంగా ఉండడం ఎక్కువ. చిన్న శరీరంతో ఇన్నేళ్లు నెట్టుకొచ్చిన పిల్లాడు తరచుగా ఇక్కడ మిగతావాళ్ల కంటే బాగుంటాడు, వాడి పనితనం తోటివాళ్లు కళ్లారా చూస్తారు. కోచ్ చెప్తే నమ్మనిది అలా చూస్తే నమ్ముతారు.

తప్పు జరిగిన తర్వాతి ఐదు సెకన్లు

నెల మొత్తం మీద ఒక్క విషయం మీదే పట్టుబట్టాలంటే నేను ఇక్కడే పట్టుబడతాను. కీపర్ సెంటర్ బ్యాక్‌కి చిన్న పాస్ ఇచ్చాడు, వాడు తిరగబోయి బాల్ పోగొట్టుకున్నాడు. ఆ క్షణంలో మిగతావాళ్ల చేతుల వైపు చూడండి. ఇద్దరు చేతులు గాల్లోకి విసురుతారు, ఒకడు తల పట్టుకుంటాడు, ఒకడు కోచ్ వైపు చూస్తాడు, తప్పు చేసినవాడు బాల్ వైపు కాకుండా తోటివాళ్ల మొహాల్లోకి చూస్తాడు. ఈ లోపల ఎదుటివాడు గోల్ వైపు నాలుగు అడుగులు వేసేశాడు. అందరూ తీర్పు చెప్పే పనిలో ఉంటే బాల్ దగ్గర ఎవరూ ఉండరు.

దీన్ని "ఒకళ్లనొకళ్లు ప్రోత్సహించుకోండి" అని చెప్పి మార్చలేం, ఆ చోట చేయడానికి వేరే పని ఇవ్వాలి. రూల్ ఏంటంటే బాల్ పోయిన వెంటనే ఐదు సెకన్లు దగ్గరున్న ముగ్గురు బాల్ మీదకి వెళ్లాలి, మిగతావాళ్లు లోపలికి దగ్గరవ్వాలి, ఎవరు పోగొట్టారన్న దానితో సంబంధం లేదు. చిన్న ఆటల్లో ఐదు సెకన్లలో బాల్ తిరిగి తెచ్చుకుంటే ఒక గోల్‌తో సమానం అని స్కోరు పెట్టండి. ఇప్పుడు తప్పు జరిగితే అందరికీ ఒక గోల్ సంపాదించే అవకాశం వచ్చింది, చేతులు విసిరే టైమ్ ఉండదు. పోగొట్టుకున్నవాడికి ఏం తెలుస్తుందంటే తన తప్పు వెనకాల ముగ్గురు పరిగెత్తారు, ఇది వంద మాటల కంటే ఎక్కువ. చేతులు విసరడం, తల అడ్డంగా ఊపడం మాత్రం ఆట ఆపి మరీ కట్టడి చేయాలి, క్లబ్‌లో స్టార్ అయినా సరే, స్టార్ అయితే ఇంకా సరే, మిగతావాళ్లంతా అతన్ని చూసే నేర్చుకుంటారు.

పిల్లల్ని కట్టడి చేసే కోచ్ తను మాత్రం సైడ్‌లైన్ మీద చేతులు విసిరితే ఇదంతా వృథా. అమెరికాలో రొనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ 1970ల చివర్లో పిల్లల బేస్‌బాల్ కోచ్‌ల మీద పనిచేసి తెలుసుకున్నది ఏంటంటే తప్పు జరిగాక ముందు ధైర్యం చెప్పి తర్వాత సరిచేసే పద్ధతి చెప్పడం నేర్చుకున్న కోచ్‌లని పిల్లలు ఎక్కువ ఇష్టపడ్డారు, తోటివాళ్లని కూడా ఎక్కువ ఇష్టపడ్డారు, తమ మీద తమకి నమ్మకం తక్కువున్న పిల్లలకి అందరికంటే ఎక్కువ మేలు జరిగింది. గెలుపు ఓటముల్లో మాత్రం పెద్ద తేడా రాలేదు.

ఇంకో ముఖ్యమైన విషయం, తప్పు చేసిన వెంటనే పిల్లాడిని బయటికి పిలవడం. కోచ్‌కి అది వ్యూహం కావచ్చు, మిగతా ఇరవై ఒక్క మందికి మాత్రం "రిస్క్ తీసుకుంటే బెంచ్" అన్న పాఠం. తర్వాతి మ్యాచ్‌లో ఎవరూ లోపలికి పాస్ ఇవ్వరు, అందరూ బాల్‌ని పైకి తన్నేస్తారు, కోచ్‌కి ఎందుకో అర్థం కాదు. మొదటి నెల మ్యాచ్‌ల్లో మార్పులు ముందే రాసి గోడకి అంటించండి. 80 నిమిషాల మ్యాచ్, 22 మంది, ప్రతి ఒక్కడికీ 40 నిమిషాలు, ఎవరు ఏ సగంలో ఆడతారో రెండు రోజుల ముందే తెలియాలి. రెండు పదకొండుల్లోనూ మూడు రకాల వాళ్లూ ఉండాలి, "క్లబ్ పదకొండు, మిగిలినవాళ్ల పదకొండు" అయిందంటే మూడు వారాల పని ఆ సాయంత్రం పోతుంది.

మూడో వారం గొడవలు

మూడో వారంలో మాటలు పెరుగుతాయి. బ్రూస్ టక్‌మన్ 1965లో గుంపులు ఏర్పడే దశలు రాసినప్పుడు మర్యాదల దశ తర్వాత ఘర్షణ దశ పెట్టాడు, ప్రతి టీమ్ ఆ వరసలోనే నడుస్తుందని కాదు గానీ కొత్త టీమ్‌లో ఘర్షణ వస్తే అది చెడిపోయినట్టు కాదు. మొదటి రెండు వారాలు అందరూ అతిథుల్లా ఉంటారు, పొజిషన్లు తేలడం మొదలయ్యేసరికి అసలు మనుషులు బయటికొస్తారు. మన ఉదాహరణలో సెంటర్ బ్యాక్ చోటుకి క్లబ్ నుంచి ఇద్దరు, స్కూల్ నుంచి ఒకడు, రెండే చోట్లు. స్కూల్ పిల్లాడు ఆ చోటు తీసుకుంటే రెండో క్లబ్ పిల్లాడి వెనకాల ఎనిమిది మంది మొహాలు మాడ్చుకుంటారు.

ఇక్కడ కోచ్ చేయాల్సింది చోటు దక్కని ఆ పిల్లాడిని అదే రోజు పక్కకి తీసుకెళ్లి, అందరికీ కనిపించే చోటే, వినిపించని దూరంలో, మూడు ముక్కలు చెప్పడం. నిన్ను ఇప్పుడు ఎక్కడ ఆడిస్తున్నాను, ఎందుకు, ఏది మారితే మళ్లీ చూస్తాను. "కష్టపడు" అన్నది కారణం కాదు. "గాల్లో వచ్చే బాల్‌కి నువ్వు ఆలస్యంగా లేస్తున్నావు, ఈ రెండు వారాలు ప్రాక్టీస్ అయ్యాక పది నిమిషాలు అదే చేద్దాం, తర్వాతి మ్యాచ్‌లో అరగంట అక్కడే ఆడిస్తాను" అన్నది కారణం. పిల్లలు బెంచ్‌ని భరిస్తారు, ఎందుకో చెప్పకపోవడాన్ని భరించలేరు, చెప్పకపోతే కారణం వాళ్లే కల్పించుకుంటారు, అది ఎప్పుడూ "కోచ్‌కి వాడంటే ఇష్టం" అనే ఉంటుంది.

గొడవకీ వేధింపుకీ తేడా మాత్రం తెలియాలి. పొజిషన్ కోసం, పాస్ కోసం ఇద్దరు సమానంగా అరుచుకోవడం గొడవ. ఒకడినే పదే పదే ఎంచుకుని ఎగతాళి పేరు పెట్టి పిలవడం, వాడి బ్యాగ్ దాచడం, "కొత్తోళ్లు ఇది చేయాల్సిందే" అని ఏదో ఒక తంతు పెట్టడం రాగింగ్, దాన్ని టీమ్ ఆచారం అని ఎవరు సమర్థించినా మొదటి రోజే ఆపాలి, తల్లిదండ్రులకి చెప్పాలి. ఇది ఎక్కువగా డ్రెస్సింగ్ రూమ్‌లో, ఫోన్ గ్రూపుల్లో జరుగుతుంది. పెద్దలు లేని గ్రూపుని టీమ్ గ్రూపుగా ఒప్పుకోకండి, కోచ్ కూడా పిల్లాడికి విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు, గ్రూపులోనో తల్లిదండ్రుల ద్వారానో మాత్రమే.

కెప్టెన్ ఎవరు

మొదటి వారంలోనే కెప్టెన్‌ని ప్రకటించడం చాలామంది చేస్తారు, నాకు అది నచ్చదు. తొమ్మిది మంది ఉన్న క్లబ్ నుంచే దాదాపుగా వస్తాడు, మిగతా పదముగ్గురికి ఇది వాళ్ల టీమ్ అని అర్థమైపోతుంది. మూడు వారాలు ఆర్మ్‌బ్యాండ్ గుంపుల మధ్య తిరగనివ్వండి. నాలుగో వారంలో ప్రతి ఒక్కరికీ చిన్న చీటీ ఇచ్చి రెండు ప్రశ్నలు అడగండి: మ్యాచ్ చివరి పది నిమిషాల్లో ఎవరి మాట వింటావు? నీకు ఆ రోజు బాలేకపోతే టీమ్‌లో ఎవరితో చెప్తావు? ఎవరు ఏం రాశారో కోచ్ తప్ప ఎవరూ చూడరు. రెండిటికీ తరచుగా వేరు వేరు పేర్లు వస్తాయి, మొదటివాడు కెప్టెన్ అయితే రెండోవాడు వైస్ కెప్టెన్ అవ్వచ్చు. "ఎవరితో ఆడడం ఇష్టం లేదు" అన్న ప్రశ్న మాత్రం ఎప్పుడూ అడగొద్దు, చీటీలో రాసినది గ్రౌండ్‌లో నిజమైపోతుంది. ఎవరి చీటీలోనూ రాని పేర్లు ఉంటాయి కదా, అవి పక్కన రాసి పెట్టుకోండి, వచ్చే నెల గుంపులు వేసేటప్పుడు మొదట చూడాల్సిన పేర్లు అవే.

నెలాఖరులో మళ్లీ అదే కాగితం

పదకొండో ప్రాక్టీస్‌లో మళ్లీ అదే ఏడుగురి ఆట, అదే ఇరవై నిమిషాలు, వీలైతే అదే పిల్లలు. క్లబ్ నలుగురూ 42 పాసులు ఇస్తే 24 వాళ్లలో వాళ్లకే వెళ్లాయనుకుందాం. సగం అంటే 21, కాబట్టి ఇంకా కాస్త మొగ్గు ఉంది, ఉండనివ్వండి, కొన్నేళ్ల అలవాటు పూర్తిగా పోవాల్సిన అవసరం కూడా లేదు, అది టీమ్‌కి ఆస్తే. అంచున దాక్కున్న పిల్లాడి లెక్క ఎలా ఉందన్నదే నేను ముందు చూస్తాను. వాడు బాల్ పోగొట్టుకున్న నిమిషంలోపు మళ్లీ బాల్ అడిగాడా? అడిగితే నమ్మకం మొదలైంది. అడగకపోతే అంకెలు ఎంత బాగున్నా వాడి వరకూ టీమ్ ఇంకా కుదరలేదు.

గెలుపు గురించి ఒక మాట. బ్రయాన్ ములెన్, కరొలిన్ కాపర్ 1994లో పాత పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు ఐక్యత వల్ల గెలుపు వచ్చేదానికంటే గెలుపు వల్ల ఐక్యత రావడమే ఎక్కువ బలంగా కనిపించింది. అందుకే మొదటి ప్రాక్టీస్ మ్యాచ్‌కి ఎదుటి టీమ్‌ని ఎంచుకోవడం చిన్న విషయం కాదు. బాగా బలమైన టీమ్‌తో పెట్టి ఏడు గోల్స్ తింటే పిల్లలు నేర్చుకునేది ఏమీ లేదు, పాత గుంపుల్లోకి వెళ్లి అవతలి గుంపుని తప్పుపడతారు. బలహీనమైన టీమ్‌ని ఓడిస్తే నవ్వులు వస్తాయి గానీ ఐదు సెకన్ల రూల్ పనిచేస్తోందో లేదో తెలియదు. దాదాపు సమానమైన టీమ్ కావాలి, ఓడినా కష్టమ్మీద ఓడేలా.

ఒక నెల దేనికి సరిపోతుందంటే పేర్లు, అలవాట్లు, తప్పు తర్వాత ఏం చేయాలన్న రూల్, ఎవరి చోటు ఎక్కడ అన్న స్పష్టత, వీటికి సరిపోతుంది. గాయమై ఆరు వారాలు బయట కూర్చున్నవాడిని టీమ్ తనవాడిగా ఉంచుకుంటుందా, వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడితే ఏమవుతుంది అన్నవి అవి వచ్చినప్పుడే తెలుస్తాయి. ఐదో వారంలో ఇంకో క్లబ్ నుంచి ఒక కొత్త పిల్లాడు చేరితే మాత్రం అతనికి మొదటి వారం మళ్లీ మొదటినుంచి జరగాలి: ఎవరినీ తీసేయం అన్న మాట అతనికీ, ఎవరి చోటుకైతే అతను పోటీ వచ్చాడో ఆ పిల్లాడికీ విడివిడిగా చెప్పి, రెండు వారాలు మారని గుంపులో వేసి, రెండు రోజులు పేరు పిలిచే రూల్ 22 మందికీ తిరిగి పెట్టాలి.